అమ్మ కాదన్న రెండు నెలలు

మా అక్క పోయేనాటికి పాపకి ఏడాదిన్నర. రెండో కాన్పుకని ఒంగోలు ఆస్పత్రిలో చేరిన అక్క తిరిగి రాలేదు. కడుపులో బిడ్డా దక్కలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మ పాపని చంకనేసుకుని బస్సెక్కింది. ఎవరినీ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. బావ బస్టాండు దాకా వచ్చి పాప బట్టల సంచి నా చేతికిచ్చాడు.

"అత్తయ్య దగ్గరుంటేనే నాకూ ధైర్యం," అన్నాడు.

ఆ మాట అప్పుడు నిజమే.

మాది చిలకలూరిపేటకీ అద్దంకికీ మధ్య ఊరు. నల్లరేగడి. నాన్న సగం చేలో మిరప, సగంలో పత్తి వేసేవాడు. నేను గుంటూరులో డిగ్రీ అయ్యాక పక్కూరి ప్రైవేటు బడిలో పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. అక్క పోయిన ఏడాది మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నాన్న పొలంలోనే పొద్దుపుచ్చేవాడు. అమ్మ వంట చేస్తూ చేస్తూ పొయ్యి ముందే కూర్చుండిపోయేది, కూర మాడినా తెలిసేది కాదు. ఆ ఇంట్లో మళ్ళీ చప్పుడు పుట్టింది పాప ఇల్లంతా పరుగులు తీయడం మొదలుపెట్టాకే.

మిరపకోతల రోజుల్లో అమ్మ చేనునుంచి వచ్చేసరికి చేతులు భగ్గుమంటూ ఉండేవి. ఎన్ని నీళ్ళు పోసుకున్నా, ఆముదం రాసుకున్నా ఆ మంట మర్నాటి దాకా పోదు. ఆ చేతుల్తో పిల్లని ముట్టుకుంటే కళ్ళకీ ఒంటికీ తగులుతుందని భయం. అందుకని అమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మొహం మాత్రం ముందుకి వంచేది. పాప మెడ చుట్టూ చేతులు వేసి వేలాడేది. అలా చేతులు వెనక పెట్టుకునే అమ్మ నవ్వేది. అక్క పోయాక నేను చూసిన మొదటి నవ్వు అది.

పాప మా అమ్మని "అమ్మా" అనే పిలిచేది, నేను అలా పిలుస్తాను కనక. మొదట్లో అమ్మ, "అమ్మని కాదే, అమ్మమ్మని," అని దిద్దేది. కొన్నాళ్ళకి దిద్దడం మానేసింది. నాన్న ఒకసారి, "రేపు వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్తే ఏం చేస్తావే?" అన్నాడు. అమ్మ వినపడనట్టు లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

బావ మంచివాడు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే జరిగిందంతా విన్నవాళ్ళు ఎవరో ఒకరు చెడ్డవాళ్ళై ఉండాలనుకుంటారు. ఆయన చీమకుర్తి వైపు ఒక గ్రానైటు క్వారీలో సూపర్‌వైజరు. ప్రతి ఆదివారం ఒంగోలు నుంచి బస్సులో వచ్చి, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మధ్యాహ్నం దాకా ఉండి వెళ్ళేవాడు. రెండేళ్ళకి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మమ్మల్ని అడిగే చేసుకున్నాడు. పెళ్ళికి నాన్న వెళ్ళాడు, అమ్మ చీర పంపింది. ఆ అమ్మాయి కూడా నెమ్మదైన మనిషి. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు పాపకి తల దువ్వి రెండు జడలు వేసింది. అమ్మ చూస్తూ నిలబడింది.

పాపకి అయిదు నిండిన వేసవిలో, బడులు తెరవబోయే ముందు, బావా వాళ్ళక్కా కలిసి వచ్చారు. ఆవిడ ఒంగోలులో గవర్నమెంటు ఆస్పత్రి నర్సు. మాట సూటిగా ఉంటుంది. భోజనాలయ్యాక వసారాలో కూర్చున్నాం. పాప లోపల నిద్రపోతోంది.

"అత్తయ్యగారూ, పాపని ఇంక మాకు పంపించెయ్యండి," అంది ఆవిడ. "ఒంగోల్లో మంచి స్కూలు చూశాం. వేసవి సెలవులు రెండు నెలలూ మీ దగ్గరే ఉంచుకోండి. దసరా సెలవులకీ పంపిస్తాం."

అమ్మ వక్కలు కత్తిరిస్తోంది. ఆ చెయ్యి ఆగిపోయింది.

"పంపించెయ్యాలా?"

"ఎప్పటికైనా పంపాలి కదండీ."

"నా ఇంట్లో ఉన్న బిడ్డని నాకే రెండు నెలలు ఇస్తానంటున్నావా, తల్లీ? మిగతా పది నెలలు నేనేం చెయ్యాలి?"

నాన్న సర్దబోయాడు. "బాబూ, ఒక పని చేద్దాం. అయిదో తరగతి దాకా ఇక్కడే ఉండనీ. మా అమ్మాయి చదువు చెబుతుంది. నువ్వు ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి చూసుకో. తర్వాత నీ ఇష్టం."

నాన్న ఎంతో ఇచ్చాననుకున్నాడు. బావ మొహం మాత్రం ఎర్రబడింది. "ఇప్పటికే మూడున్నరేళ్ళు వదులుకున్నాను మామయ్యా. ఇంకో అయిదేళ్ళు వదులుకోమంటారా? నా కూతుర్ని నేను ఆదివారం చుట్టంలా వచ్చి చూడాలా?"

ఆ పూట అక్కడ కూర్చుని నేను చూసింది ఇదీ. ఇద్దరూ ఎదుటివాళ్ళు ఏమి ఇస్తామన్నారో వినలేదు. తమ చేతిలోంచి ఏం జారిపోతుందో అదే విన్నారు. రెండు నెలలు అమ్మకి చెవిన పడలేదు, పది నెలలు పడ్డాయి. అయిదో తరగతి తర్వాత నీ ఇష్టమన్న మాట బావకి చెవిన పడలేదు, అయిదేళ్ళు పడ్డాయి.

లేచేముందు బావ, కోపంతో కాదు, అలసటతో అన్నాడు. "అత్తయ్యా, ఆలోచించుకోండి. కోర్టుకి వెళ్తే మీకా రెండు నెలలు కూడా పోతాయి. చట్టప్రకారం తండ్రికే ఇస్తారు."

భయపడుతుందనుకున్నాడు కాబోలు. అమ్మ మాత్రం వక్కల పళ్ళెం పక్కకి నెట్టింది.

"పోతే మొత్తం పోనీ. ఉంటే మొత్తం ఉంటుంది. సగం సగం బిడ్డని నేను పెంచలేను."

వాళ్ళు బస్సుకి వెళ్ళిపోయారు. పాప నిద్రలేచి, "నాన్న ఏడీ?" అని అడిగింది.

నాన్నకి ఒక స్నేహితుడుండేవాడు. దూదేకుల సాయిబు. ఒకప్పుడు వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడట. ఈయన పత్తి వ్యాపారంలోకి దిగి, రైతుల దగ్గర కొని, గింజ వేరుచేసే జిన్నింగు మిల్లులకి పంపేవాడు. అమ్మ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది, నేను మామయ్యా అనేదాన్ని. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా ఆయన రాకుండా జరిగేది కాదు. అక్క పెళ్ళి సంబంధం కుదిర్చిన పెద్దల్లో ఆయనా ఒకడు. అందువల్ల ఈ గొడవ ఆయనకి తన ఇంటి గొడవే అయింది.

వచ్చి, నాన్న చెప్పిందంతా విన్నాడు. ఎవరెవరు ఏ మాట అన్నారో మళ్ళీ మళ్ళీ అడిగాడు.

"ఇద్దరూ చెడు బేరం చెయ్యలేదు," అన్నాడు చివరికి. "ఇద్దరూ చెడుగా అడిగారు. పత్తి అమ్మే రైతుని చూడు. నెల కిందట ఏ ధర వస్తే చాలనుకున్నాడో అదే ధరకి ఇవాళ అమ్మమంటే అమ్మడు. మధ్యలో ఒకసారి ధర ఇంకా పెరిగి దిగింది గదా. ఆ పెరిగిందాన్ని సొంతం అనుకున్నాడు. ఇప్పుడు అమ్మితే నష్టపోయినట్టు లెక్క. వానకి తడిసిపోతుందిరా అన్నా వినడు, రేపు పెరుగుతుందేమోనని బయటే పెట్టుకుని కూర్చుంటాడు. నష్టం ఒప్పుకోలేనివాడు జూదానికి దిగుతాడు. వాడిది మొండితనం కాదు. కడుపు ఒప్పుకోదు."

"బిడ్డకీ పత్తికీ పోలికేంటి మామయ్యా," అన్నాను నేను. కోపంగానే అన్నాను.

"బిడ్డకి ఇంకా ఎక్కువమ్మా. అందుకే చెబుతున్నా. మీ అమ్మ దగ్గర పోయే మాట అనకూడదు. మీ బావ దగ్గరా అనకూడదు."

ఆయన తన ఖర్చులతో ఒంగోలు వెళ్ళాడు. తర్వాత మాకు చెప్పాడు అక్కడ ఏం మాట్లాడాడో. బావని కూర్చోబెట్టి అమ్మకి ఏం ఇవ్వాలో అడగలేదు. పాప ఎన్నాళ్ళు తాతగారింట్లో ఉండాలన్న ఊసే ఎత్తలేదు. "ఇవాళ నీకు వారానికి ఒక పూట బిడ్డ ఉంది. రేపటినుంచి ఏమేం నీదవుతుందో చూద్దాం," అని మొదలుపెట్టాడట. పొద్దున్న బడికి నువ్వే తీసుకెళ్తావు. సాయంత్రం నీ స్కూటరు చప్పుడుకి గుమ్మంలోకి పరిగెత్తుకొస్తుంది. జ్వరం వస్తే నీ పక్కలోనే పడుకుంటుంది. ఒక్కొక్కటీ చెబుతుంటే బావ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ఆ తర్వాత, "మరి అమ్మమ్మ దగ్గరకి ఎప్పుడెప్పుడు పంపిద్దాం?" అంటే తనంతట తనే చెప్పాడట. వేసవి సెలవులు మొత్తం, దసరా సెలవులు మొత్తం, నెలకొకసారి శనీ ఆదివారాలు. అదీగాక ఈ ఏడాది దసరా దాకా పాప ఇక్కడే ఉండి, ఒంగోలు వెళ్ళొస్తూ మెల్లగా అలవాటు పడుతుంది.

అంతకు ముందు వాళ్ళక్క చెప్పినదానికంటే ఎంతో ఎక్కువ. మనిషి మారలేదు, బిడ్డ మారలేదు. పోయేది లెక్కపెట్టుకుంటున్న మనిషి పిడికిలి బిగించాడు. వచ్చేది చూపిస్తే అదే మనిషి చెయ్యి విప్పాడు.

అమ్మ దగ్గర ఇంకా జాగ్రత్తగా మాట్లాడాడు. వసారాలో కాదు, వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాడు.

"అమ్మా, ఒక్క మాట అడుగుతా. మన అమ్మాయి ఉండుంటే పాప ఎక్కడ పెరిగేది?"

"ఒంగోల్లోనే."

"మన ఇంటికి ఎప్పుడొచ్చేది?"

"సెలవులకి."

"నెలనెలా వచ్చేదా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. "ఎక్కడ వస్తుంది అన్నయ్యా. వాళ్ళమ్మే రెండు నెలలకోసారి రావడానికి నానా తంటాలు పడేది."

"మరి ఇప్పుడు నెలనెలా వస్తుందంటున్నాడు. వేసవంతా నీ పక్కలోనే. దసరాకి గౌను నువ్వే కుట్టించి తొడగొచ్చు. ఇవన్నీ నీకొచ్చేవి. రాసిచ్చేస్తానన్నాడు."

అమ్మ పొయ్యిలో కట్టె లోపలికి నెట్టింది. తర్వాత అడిగింది. "శనివారం పొద్దున్నే పంపిస్తాడా, సాయంత్రమా?"

ఆ ప్రశ్న విని నాన్న తలుపు పక్కన కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. అమ్మ శనివారం గురించి అడిగిందంటే, శనివారం ఒకటుంటుందని ఒప్పుకున్నట్టే.

ఆ తర్వాతి ఆదివారం అందరూ కూర్చుని మాట ఖాయం చేసుకుందామనుకున్నారు. అమ్మ తెల్లవారుజామునే లేచి గారెలకి పప్పు రుబ్బింది. బావ ఒక్కడే వచ్చాడు, వాళ్ళక్కని కావాలనే తీసుకురాలేదు. సాయిబు మామయ్య ఒక్కొక్కటీ చెబుతుంటే బావ తలూపుతున్నాడు. అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పాప అమ్మ కొంగు పట్టుకుని ఊగుతోంది. చెప్పడం అయిపోయింది. ఇంక అమ్మ సరేననాలి, అంతే.

అమ్మ మొహంలో ఏం కనబడిందో బావకి. లేచి, అమ్మ దగ్గరగా వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అత్తయ్యా, మీరు ఎంత పోగొట్టుకుంటున్నారో నాకు తెలుసు. ఈ ఇల్లు బోసిపోతుంది. నా కోసం ఇంత వదులుకుంటున్నారు. ఈ జన్మలో మర్చిపోను."

ప్రేమతోనే అన్నాడు. అంతకు మించిన మర్యాద ఇంకెవరూ చేసి ఉండరు. సాయిబు మామయ్య చెయ్యి ఎత్తబోయి ఆపుకోవడం నేను చూశాను. అప్పటికే ఆలస్యమైంది.

అమ్మ వంగి పాపని ఎత్తుకుంది.

"ఇప్పటికే ఒకదాన్ని పోగొట్టుకున్నాను," అంది. "మీ ఊరికే పంపాను. మీ ఆస్పత్రిలోనే పోగొట్టుకున్నాను. ఇంకోదాన్ని నా చేతుల్తో నేను పోగొట్టుకోను."

"అత్తయ్యా, నేనన్నది..."

"కోర్టుకే వెళ్ళు నాయనా. ఆ జడ్జి పోగొట్టమంటే అప్పుడు చూస్తాను."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గారెలు ఎవరూ తినలేదు. సాయిబు మామయ్య తలుపు బయట నిలబడి, "అమ్మా, అమ్మా," అని పిలిచాడు. శనివారాలు గుర్తు చేశాడు, వేసవి గుర్తు చేశాడు. లోపలినుంచి, "నాకు నెలలు లెక్కపెట్టొద్దు అన్నయ్యా," అన్న మాట తప్ప ఏమీ రాలేదు. చివరికి బావ పాప కోసం తెచ్చిన రంగు పెన్సిళ్ళ డబ్బా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

బావ కేసు వేశాక ఒంగోల్లో మేం పెట్టుకున్న వకీలు నిజాయితీగా మాట్లాడే మనిషే. "తండ్రి సహజ సంరక్షకుడు. కానీ కోర్టు బిడ్డ క్షేమం చూస్తుంది. ఏడాదిన్నర వయసునుంచీ మీ దగ్గరే పెరిగింది. మీ దగ్గరే ఉంచొచ్చు, ఆయనకే ఇవ్వొచ్చు. గట్టిగా చెప్పలేను. రాజీ కుదిరితే మాత్రం రాజీయే మేలు," అన్నాడు.

"ఉంచొచ్చు అన్నాడుగా," అంది అమ్మ బస్సులో. దారి పొడుగునా అదే మాట. రాజీయే మేలన్న మాట ఆమెకి గుర్తే లేదు. ఖాయంగా కొంత వదులుకోవడం కంటే, మొత్తం నిలబడే అవకాశం ఏ కాస్త ఉన్నా చాలు ఆమెకి. ఆ ఏడు మా పత్తిని పచ్చపురుగు తినేసింది. నాన్న కోర్టు వాయిదాలకీ పొలానికీ మధ్య నలిగిపోయాడు. అయినా అమ్మని ఒక్క మాట అనలేదు. నాతో మాత్రం ఒకసారి అన్నాడు. "దాన్ని తప్పు పట్టకమ్మా. అదొక్కటే దాన్ని బతికించింది."

కేసు దాదాపు రెండేళ్ళు నడిచింది. ఆ రెండేళ్ళూ బావ ఆదివారాలు రావడం మానేశాడు. వాళ్ళ వకీలు వద్దన్నాడట. కోర్టు వరండాలో ఎదురైనా రెండు కుటుంబాలూ మొహాలు తిప్పుకునేవి. పాప మాత్రం వాళ్ళ నాన్నని చూసి చెయ్యి ఊపబోయి, అమ్మ మొహం చూసి దించేసేది. ఆ చెయ్యి అలా సగంలో దిగడం చూడలేక నేను బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడేదాన్ని.

ఒక రోజు జడ్జిగారు పాపని తన గదిలోకి పిలిచి మాట్లాడారు. బయటికొచ్చాక, "ఏమడిగారే?" అంది అమ్మ. "నాన్నంటే ఇష్టమా అని అడిగారు," అంది పాప. "నువ్వేమన్నావ్?" "ఇష్టమే అన్నా. నువ్వన్నా ఇష్టమే అన్నా."

తీర్పు బావకి అనుకూలంగా వచ్చింది. తండ్రి బతికుండి, ఉద్యోగం చేస్తూ, బిడ్డని సరిగా చూసుకోగలిగినప్పుడు ఆయన దగ్గరే పెరగాలన్నారు. తాతా అమ్మమ్మా పెద్దవాళ్ళవుతున్నారన్నారు. పాపని అప్పగించిన రోజు గురించి నేను రాయలేను. అమ్మ ఏడవలేదని మాత్రం చెబుతాను. పాపే ఏడ్చింది. కోర్టు బయట రిక్షాలో కూర్చోబెట్టాక కూడా "అమ్మా" అని పిలుస్తూనే ఉంది. అమ్మ ఎండలో నిలబడి చూస్తోంది. రిక్షా మలుపు తిరిగాక, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇంటికొచ్చాక అమ్మ పదిరోజులకి పైనే మంచం దిగలేదు. ఒక సాయంత్రం ఎస్టీడీ బూతు నుంచి పిలుపొస్తే నాన్న వెళ్ళి వకీలుతో మాట్లాడి వచ్చాడు.

"పాపని చూడ్డానికి పర్మిషన్ ఇచ్చారటే," అన్నాడు భయం భయంగా. "నెలకోసారి. ఆదివారం, వాళ్ళింట్లోనే. రెండు గంటలు."

నేను అమ్మ వైపు చూడలేకపోయాను. రెండు నెలల వేసవినీ, నెలనెలా శనీ ఆదివారాలనీ కాదన్న మనిషి. ఈ రెండు గంటలు వింటే గుండె ఆగుతుందనుకున్నాను.

అమ్మ లేచి కూర్చుంది.

"ఇచ్చారా?" అంది. "రెండు గంటలా? నిజంగా ఇచ్చారా?"

"ఇచ్చారు. ఇంకా పై కోర్టుకి వెళ్దామా అంటున్నాడు వకీలు."

"వద్దు. వెళ్తే ఇదీ తీసేస్తారేమో. ఇచ్చారుగా, చాలు." మంచం దిగింది. "ఏ ఆదివారం? ఈ ఆదివారమేనా? అమ్మాయ్, మినుములు ఉన్నాయేమో చూడు. సున్నుండలు చేద్దాం. దానికిష్టం."

మర్నాడు వచ్చిన సాయిబు మామయ్యకి అమ్మే సంతోషంగా చెప్పింది, రెండు గంటలు ఇచ్చారన్నయ్యా అని. ఆయన మంచిదమ్మా అన్నాడు. బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. నేను మంచినీళ్ళు తెచ్చిస్తే తాగలేదు.

"అప్పుడు బిడ్డ చేతిలో ఉంది," అన్నాడు. "ఏం చెప్పినా అందులోంచి తీసేసినట్టే ఉండేది. ఇప్పుడు చెయ్యి ఖాళీ. ఏది పెట్టినా వచ్చినట్టే. అదే మీ అమ్మ, అదే బిడ్డ. ఈ సంతోషంలో వందో వంతు ఆ రోజు ఉండుంటే..."

ఏడాది పైన అమ్మ ఒక్క నెల కూడా తప్పకుండా ఒంగోలు వెళ్ళింది. నేను తోడు వెళ్ళేదాన్ని. బావ భార్య మంచినీళ్ళిచ్చి పక్కగదిలోకి వెళ్ళిపోయేది. మొదట్లో పాప అమ్మ ఒళ్ళోంచి దిగేది కాదు. తర్వాత్తర్వాత ఎదురుగా కుర్చీలో కూర్చునేది. హోంవర్కు ఉందనేది. పక్కింటి పిల్లలు ఆటకి పిలిస్తే గుమ్మం వైపు చూసేది. "వెళ్ళి ఆడుకో తల్లీ, నేను ఇక్కణ్ణించి చూస్తాలే," అనేది అమ్మ. ఆ రెండు గంటల్లో సగం కిటికీలోంచి చూడటంతోనే అయిపోయేది. ఒకసారి పాప, "అమ్మమ్మగారూ, కాఫీ తాగుతారా?" అని అడిగింది. ఎవరో మర్యాద నేర్పారు. అమ్మ తాగుతానంది. బస్సెక్కాక కొంగు నోట్లో కుక్కుకుని ఒంగోలు నుంచి అద్దంకి దాకా ఏడ్చింది.

తర్వాత బావకి తమిళనాడు సరిహద్దులో ఇంకో క్వారీలో ఉద్యోగమొచ్చి అందరూ వెళ్ళిపోయారు. అంత దూరం నెలనెలా ఎవరు వెళ్ళగలరు. ఫోన్లు ఉండేవి, అవీ తగ్గాయి. నాకు పెళ్ళయి చిలకలూరిపేటలోనే కాపురం పెట్టాను. నాన్నకి గుండెజబ్బు వచ్చాక అమ్మానాన్నల్ని నా దగ్గరికే తెచ్చుకున్నాను. సాయిబు మామయ్య అంతకు ముందే పోయాడు.

ఇది జరిగిన చాలా ఏళ్ళకి పేట బస్టాండులో బావ కనిపించాడు. ఎవరిదో పెళ్ళికి వచ్చి వెళ్తున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి సంచి కింద పెట్టాడు. పాప ఎనిమిదో తరగతి అని చెప్పాడు. తమిళం గడగడా మాట్లాడుతుందట.

"ఒక్కటి అడుగుతానమ్మా," అన్నాడు. "ఆ ఆదివారం నేను ఇంకా ఇద్దామనే వచ్చాను. అత్తయ్య అడిగుంటే ఇంకో ఏడాది అక్కడే ఉంచడానికి కూడా మనసులో సిద్ధమై వచ్చాను. అంతా బాగానే నడిచింది. ఉన్నట్టుండి ఎక్కడ చెడిందో నాకిప్పటికీ అర్థం కాదు. నేనేమైనా తప్పు మాట్లాడానా?"

ఆయన కళ్ళలో నిజంగానే ప్రశ్న ఉంది. ఇన్నేళ్ళూ అది మోస్తున్నాడు. నాకు జవాబు తెలుసు. అది చెబితే, తను పలికిన ఆ ఒక్క దయగల మాట వల్లనే కూతురికి అమ్మమ్మ ఇల్లు లేకుండా పోయిందని ఆయన మిగిలిన బతుకంతా అనుకోవాలి.

"లేదు బావా," అన్నాను. "మీరేం తప్పు మాట్లాడలేదు. అమ్మ మనసే అప్పుడు బాలేదు."

ఆయన తలూపాడు. నమ్మాడో లేదో తెలియదు. బస్సొస్తే ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బావ కనిపించాడని చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు.

"పాప ఎలా ఉందట?"

"బాగా పొడుగు పెరిగిందట. ఎనిమిదో తరగతి."

"నన్నేమైనా అడిగిందటా?"

బావ ఆ సంగతి ఏమీ చెప్పలేదు. "అడిగిందటమ్మా," అన్నాను.

అమ్మ ఇంకో పిడికెడు చింతపండు చేటలోకి తీసుకుంది.